కారం దోసె, చిక్కీ, పట్టుచీర: మూడు బ్రేక్ ఈవెన్ లెక్కలు

బీకాం పిల్లలకు, రివిజన్ కోసం. మొన్నటి స్లిప్ టెస్టులో సగం మందికి జవాబు కరెక్టే వచ్చింది. కానీ 'ఎందుకు' అన్నచోట పేపరు ఖాళీ. ఆ ఖాళీకే మార్కులు పోయాయి. అందుకే ఈ మూడు లెక్కల్లో జవాబు కంటే దాని కారణాన్నే ఎక్కువ రాశాను.

లెక్క 1

కడపలో ఒకాయన కారం దోసెల కొట్టు పెట్టాడు. నెలకు గది అద్దె రూ. 9,000, దోసె మాస్టర్ జీతం రూ. 15,000, కరెంటు, నీళ్లకు కలిపి రూ. 1,500, గ్రైండరు, పెనం తరుగుదల రూ. 1,500. ఒక్కో దోసెకు పిండి రూ. 9, ఎర్రకారం, పప్పుల పొడి రూ. 4, నూనె రూ. 5, గ్యాస్ రూ. 2, బొంబాయి చట్నీ రూ. 4, ఆకు, కాగితం రూ. 1. దోసె ధర రూ. 40. నెలకు ఎన్ని దోసెలు అమ్మితే లాభమూ నష్టమూ లేకుండా గట్టెక్కుతాడు?

మొదట ఖర్చుల్ని విడదీయాలి. ప్రతి ఖర్చు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఈరోజు ఒక్క దోసె కూడా పోయకపోతే ఈ ఖర్చు ఉంటుందా? అద్దె ఉంటుంది, మాస్టర్ జీతం ఉంటుంది. పిండి ఖర్చు ఉండదు. ఉండేది స్థిర వ్యయం, లేనిది చర వ్యయం. మాస్టరుకు దోసెకింత అని ఇచ్చే ఒప్పందమైతే అదే జీతం చర వ్యయంలోకి వెళ్లిపోతుంది. పేరును చూసి కాదు, తీరును చూసి వర్గం నిర్ణయించాలి.

స్థిర వ్యయం = 9,000 + 15,000 + 1,500 + 1,500 = రూ. 27,000
దోసెకు చర వ్యయం = 9 + 4 + 5 + 2 + 4 + 1 = రూ. 25
దోసెకు కంట్రిబ్యూషన్ = 40 − 25 = రూ. 15

ఈ 15 రూపాయలు లాభం కాదు. ఇక్కడే చాలామంది తడబడతారు. దోసె అమ్మిన 40లో 25 ఆ దోసెకే ఖర్చైపోయింది. మిగిలిన 15 మొదట అద్దెకూ జీతానికీ పోవాలి. అవి పూర్తిగా తీరిన తర్వాత మిగిలిందే లాభం.

బ్రేక్ ఈవెన్ = స్థిర వ్యయం ÷ కంట్రిబ్యూషన్ = 27,000 ÷ 15 = 1,800 దోసెలు
రూపాయల్లో = 1,800 × 40 = రూ. 72,000

కొట్టు 30 రోజులూ తెరిస్తే రోజుకు 60 దోసెలు. వారానికొక రోజు మూసి 26 రోజులే నడిపితే 1,800 ÷ 26 = 69.23, అంటే రోజుకు 70 పోయాలి.

సరిచూద్దాం. అమ్మకాలు 72,000. చర వ్యయం 1,800 × 25 = 45,000. మిగిలింది 27,000. స్థిర వ్యయమూ 27,000. సున్నా. 1,799 దగ్గర 15 రూపాయల నష్టం, 1,801 దగ్గర 15 రూపాయల లాభం. ఈ రెండు వాక్యాలు రాస్తే మీ జవాబును ఎవరూ కొట్టేయలేరు.

ఇప్పుడు స్లిప్ టెస్టులో ఎక్కువ మంది చేసిన తప్పు. 27,000 ÷ 40 = 675 దోసెలు అని రాశారు. అమ్మి చూడండి. వచ్చేది 27,000, అద్దె, జీతాలకు సరిపోయింది, బాగుంది. మరి పిండి, నూనె బాకీ? 675 × 25 = 16,875. ఆ మొత్తమంతా నష్టమే. అంటే మీరు లెక్కలో మరిచిపోయిన చర వ్యయమే సరిగ్గా నష్టమై తిరిగొచ్చింది.

ఇదే లెక్కకు కొసరు ప్రశ్న: ఎదురుగా ఇంకో కొట్టు వచ్చింది, ఆయన దోసె ధర రూ. 35కు దించాడు. అప్పుడు? కంట్రిబ్యూషన్ 35 − 25 = 10. బ్రేక్ ఈవెన్ 2,700, రోజుకు 90. ధర తగ్గింది ఎనిమిదో వంతే. అమ్మాల్సిన దోసెలు మాత్రం సగానికి సగం పెరిగాయి. ఎందుకంటే ఆ 5 రూపాయలు పోయింది 40లోంచి కాదు, 15లోంచి. పిండి, నూనె ఖర్చు ఒక్క పైసా తగ్గలేదు కదా.

లెక్క 2

అనంతపురంలో ఒక చిక్కీ యూనిట్. నెలకు స్థిర వ్యయం రూ. 46,000. కిలో ప్యాకెట్టుకు వేరుశెనగ విత్తనాలు 600 గ్రాములు (కిలో రూ. 130), బెల్లం 450 గ్రాములు (కిలో రూ. 60), గ్యాస్ రూ. 8, ప్యాకింగ్ రూ. 12, ప్యాకెట్టు లెక్కన కూలి రూ. 15. ధర రూ. 220. (అ) బ్రేక్ ఈవెన్ ఎంత? (ఆ) విత్తనాలు కిలో రూ. 150 అయితే? (ఇ) ఆ కొత్త రేటు మీద నెలకు రూ. 22,000 లాభం కావాలంటే?

(అ) విత్తనాలు 0.6 × 130 = 78, బెల్లం 0.45 × 60 = 27. చర వ్యయం 78 + 27 + 8 + 12 + 15 = రూ. 140. కంట్రిబ్యూషన్ 80. 46,000 ÷ 80 = 575 ప్యాకెట్లు.

(ఆ) విత్తనాలు 0.6 × 150 = 90. చర వ్యయం 152, కంట్రిబ్యూషన్ 68. 46,000 ÷ 68 = 676.47.

ఇక్కడ 676 అని రాసి వదిలేయొద్దు. దశాంశం .47 కాబట్టి కిందికి దించాలని చిన్నప్పటి లెక్కల అలవాటు చెబుతుంది. కానీ 676 × 68 = 45,968, ఇంకా రూ. 32 తక్కువ. 677 × 68 = 46,036, ఖర్చు తీరి రూ. 36 మిగిలింది. అర ప్యాకెట్టు అమ్మలేం కాబట్టి జవాబు 677. బ్రేక్ ఈవెన్ యూనిట్లను ఎప్పుడూ పైకే సవరించాలి.

(ఇ) కోరుకున్న లాభాన్ని ఇంకో అద్దె అనుకోండి. అదీ కంట్రిబ్యూషన్‌లోంచే తీరాలి. (46,000 + 22,000) ÷ 68 = 1,000 ప్యాకెట్లు. సరిచూస్తే 1,000 × 68 = 68,000, అందులో స్థిర వ్యయం పోగా 22,000. వెయ్యి అమ్ముతున్నప్పుడు 323 ప్యాకెట్ల అమ్మకం పడిపోయినా నష్టం రాదు. మార్జిన్ ఆఫ్ సేఫ్టీ అంటే అదే.

లెక్క 3

ఇది చిన్నది, కానీ ఉచ్చు. ధర్మవరంలో ఒక నేత యూనిట్, నెలకు స్థిర వ్యయం రూ. 18,000. చీరకు పట్టు రూ. 4,200, జరీ రూ. 1,800, అద్దకం రూ. 400, నేత కూలి రూ. 3,000. షావుకారు ఇస్తానన్న ధర రూ. 9,200. బ్రేక్ ఈవెన్ ఎంత?

చర వ్యయం 4,200 + 1,800 + 400 + 3,000 = రూ. 9,400. కంట్రిబ్యూషన్ 9,200 − 9,400 = −200.

కొందరు మైనస్ గుర్తును మింగేసి 18,000 ÷ 200 = 90 చీరలు అని రాస్తారు. 90 చీరలు నేసి చూడండి: స్థిర వ్యయం 18,000, దానిమీద చీరకు 200 చొప్పున ఇంకో 18,000, మొత్తం నష్టం రూ. 36,000. ఒక్క చీరా నేయకపోతే నష్టం 18,000తో ఆగేది. కాబట్టి జవాబులో ఇలా రాయండి: ఈ ధరకు బ్రేక్ ఈవెన్ లేదు, ఎందుకంటే ప్రతి చీర స్థిర వ్యయాన్ని తీర్చే బదులు నష్టాన్ని రూ. 200 పెంచుతోంది, ధర రూ. 9,400 దాటితేనే బ్రేక్ ఈవెన్ అనే మాట వస్తుంది.