ఒసాకాలో అమ్మకూ నాయనకూ మాటల కార్డు

అమ్మ పర్సులో ఒకటి, నాయన చొక్కా జేబులో ఒకటి. తిరుపతిలో బయల్దేరేటప్పుడే పెట్టుకోండి, పెట్టెలో సర్దేయొద్దు. నేను ఆఫీసులో ఉన్నప్పుడు మీకు ఇదే దిక్కు.

ఏం అడగాలన్నా ముందు 'సుమిమాసెన్' అనండి. మన 'ఏమండీ' లాంటిది.

దారి
స్టేషన్ ఎక్కడ? – ఎకి వా దొకొ దెస్ కా?
టాయిలెట్ ఎక్కడ? – తొయిరె వా దొకొ దెస్ కా?
ఇక్కడికి వెళ్లాలి – కొకొ ఎ ఇకితాయ్ దెస్ (అడ్రస్ చూపిస్తూ. కొకొ అంటే ఇక్కడ, ఎ అంటే కి. క్రియ మనలాగే చివర్లోనే, భయం లేదు.)
మిగి కుడి, హిదరి ఎడమ, మస్సుగు నేరుగా.

రొయ్యలు (అమ్మా, ఇది బట్టీ పట్టు)
నాకు రొయ్యలు పడవు – ఎబి అరెరుగీ గా అరిమాస్.
ఇందులో రొయ్యలు ఉన్నాయా? – ఎబి గా హైత్తె ఇమాస్ కా?

జవాబులో చివరి ముక్క వినండి. 'ఇమాస్' అంటే ఉన్నాయి, 'ఇమాసెన్' అంటే లేవు. ఆ 'సెన్' వినిపించాకే చెయ్యి వెయ్యి. 'హై, హై' అని తల ఊపితే నమ్మొద్దు. చాలాసార్లు దానర్థం 'వింటున్నాను' అనే. నోరు తిరగకపోతే కార్డు తిప్పి చూపించు, వెనక వాళ్ల లిపిలోనే పెద్దగా రాశాను.

టెంపురా చూడ్డానికి మన వంకాయ బజ్జీలా ఉంటుంది. అదే నూనెలో రొయ్యలు వేయించి ఉంటారు. 'ఒనాజి అబురా దెస్ కా?' (అదే నూనెనా?) అని అడుగు. వాళ్లు ఆలోచిస్తూ నిలబడితే వదిలెయ్. నెల్లూరు పెళ్లిలో ఒక్క రొయ్యకే నీ పెదాలు పూరీల్లా ఉబ్బాయి, గుర్తుందిగా. మాత్రలు ఈ కార్డు పక్కనే పెట్టుకో.

ఆపద
కాపాడండి! – తసుకెతె!
ఊపిరి ఆడటం లేదు – ఇకి గా దెకిమాసెన్.
అంబులెన్స్ పిలవండి – క్యూక్యూషా ఒ యొందె కుదసాయ్.
దారి తప్పాం – మిచి ని మయొఇమాషితా.
పాస్‌పోర్ట్ పోయింది – పసుపోతొ ఒ నకుషిమాషితా. పోలీసులు వీధి చివర చిన్న గదిలో ఉంటారు, దాన్ని కోబన్ అంటారు.

అంబులెన్స్‌కూ, మంటలకూ 119. పోలీసులకు 110. 119కి చేస్తే ముందు 'కాజి దెస్ కా, క్యూక్యూ దెస్ కా?' అంటారు, మంటలా, అంబులెన్సా అని. నాయనా, నువ్వు 'క్యూక్యూ దెస్' అని, కార్డు వెనకున్న మా ఇంటి అడ్రస్ పక్కవాళ్ల చేత చెప్పించు. అంబులెన్స్‌కు ఇక్కడ డబ్బులు తీసుకోరు, ఆ లెక్క వేసుకుంటూ కూర్చోవద్దు. నాకు తర్వాత చెయ్యి.