మా గృహప్రవేశం రోజు నేను చెప్పుకున్న నాలుగు మాటలు

అందరికీ నమస్కారం.

భోజనాలకు ఆలస్యమవుతోందని తెలుసు. ఒక్క ఐదు నిమిషాలు నాకివ్వండి. రాత్రి కూర్చుని కాగితం మీద రాసుకున్నాను గానీ, మిమ్మల్నందరినీ ఇలా ఒకేచోట చూశాక గొంతు పట్టేస్తోంది. కాస్త ఓపిక పట్టండి.

పెళ్లయిన ఈ 11 ఏళ్లలో మేం 6 అద్దె ఇళ్లు మారాం. ఏ ఇంట్లో దిగినా ఓనరుగారు ముందు చెప్పేది ఒకటే మాట, గోడలకు మేకులు కొట్టొద్దని. వాళ్ల ఇల్లు, వాళ్ల జాగ్రత్త వాళ్లది. కానీ మా అమ్మానాన్నల పెళ్లి ఫోటో అన్నేళ్లూ బీరువా మీదే గోడకు ఆనించి ఉండిపోయింది. ఇల్లు మారినప్పుడల్లా దాన్ని పాత దుప్పట్లో చుట్టి, సామాన్ల బండిలో వేయకుండా ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లేదాన్ని. ఫ్రేము ఒక మూల విరిగింది. అద్దం మాత్రం ఇంకా బాగానే ఉంది.

ఈ ఇంటి కోసం చాలామంది కష్టపడ్డారు. ముందు నాన్న గురించి చెప్పాలి. శ్లాబు వేసిన మర్నాటి నుంచి రెండు వారాలు, తెల్లారకముందే బస్సెక్కి వచ్చేవారు. తలకు తువ్వాలు చుట్టుకుని, భుజం మీద పైపు వేసుకుని, శ్లాబంతా తడిపేవారు. స్తంభాలకు చుట్టిన గోనెసంచులు ఆరిపోయాయేమోనని ఒక్కొక్కటీ చేత్తో తాకి చూసేవారు. పనివాళ్లు తడుపుతారులే నాన్నా, మీరెందుకు అంటే, "సిమెంటు తాగాల్సిన నీళ్లు ఇప్పుడు తాగితేనే గట్టిపడుతుందమ్మా, తర్వాత ఎన్ని పోసినా లాభం లేదు" అనేవారు. నాన్నా, ఈ కప్పు కింద మేం నిద్రపోయే ప్రతి రాత్రీ మీ చేతి చలవే.

మా మేస్త్రిగారు అదిగో, ఆ గుమ్మం దగ్గర నిలబడ్డారు. లోపలికి రండి అన్నా రావడం లేదు. ఈయన గురించి ఒక్క విషయం చెప్పి తీరాలి. మెట్లు కట్టడం పూర్తయ్యాక మూడో మెట్టు మిగతావాటికన్నా కొంచెం ఎత్తొచ్చింది. మా కంటికి అసలు ఆనలేదు. మర్నాడు వెళ్లేసరికి ఆ మెట్టును ఆయనే పగలగొట్టేసి మళ్లీ కడుతున్నారు. ఎందుకండీ అంటే, "మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులన్నారు కదమ్మా, ఒక్క మెట్టు తేడా వచ్చినా కాలు తడబడుతుంది" అన్నారు. ఆ మాట ఎప్పుడో కబుర్లలో అన్నాను. మేమే మర్చిపోయాం, ఆయన గుర్తుపెట్టుకున్నారు. మీకూ, మీతో కలిసి ఎండనక వాననక పనిచేసిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

అక్కా, నువ్వు వద్దన్నా చెబుతాను. పని సగంలో ఉండగా లోను విడత డబ్బు రావడం ఆలస్యమైంది. పని ఆగిపోతుందేమోనని ఒకటే టెన్షన్. నీకు ఫోన్ చేసి ఊరికే బాధ చెప్పుకున్నానంతే, అడగలేదు. సాయంత్రానికల్లా డబ్బు పంపావు. ఎప్పుడిస్తావని ఇవాళ్టి వరకూ ఒక్క మాట అనలేదు. బావగారూ, మీకు కూడా రుణపడి ఉంటాం.

అత్తయ్యగారు రెండేళ్లపాటు పిల్లల్ని తన దగ్గర కూర్చోబెట్టుకుని చదివించబట్టే, మేమిద్దరం ఆఫీసు నుంచి నేరుగా ఇక్కడికి రాగలిగాం. ఇక మా ఆయన. కొన్న ప్రతి పైపుముక్క లెక్కా పిల్లల పాత నోటుబుక్కు వెనక పేజీల్లో రాసిపెట్టారు. 20 ఏళ్ల లోను కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణికింది. "ఇద్దరం ఉన్నాం కదా" అన్నారు, అంతే. ఆ మాటతోనే సంతకం పెట్టాను.

సామాన్లు మోసిన స్నేహితులు, నిన్న రాత్రంతా మేలుకుని ఇల్లు కడిగిన చెల్లెళ్లు, పేరుపేరునా చెప్పలేకపోతున్నాను, ఏమీ అనుకోకండి. ఈ ఇంటికి మీరెప్పుడు వచ్చినా చుట్టపుచూపుగా రావద్దు, మీ ఇంటికి వచ్చినట్టే రండి.

ఇంకొక్కటే. హాల్లో ఆ ఎదురుగోడ ఖాళీగా ఉంది, చూశారా? కావాలనే వదిలేశాం. ఫోటో లోపలి గదిలో ఉంది, ఫ్రేము కొత్తది వేయించాను. మేకూ సుత్తీ కిటికీ దగ్గర పెట్టాను. నాన్నా, భోజనాలకు లేచేముందు ఒక్కసారి ఇటు రండి. ఈ ఇంట్లో మొదటి మేకు మీరే కొట్టాలి. అమ్మా, నువ్వు ఫోటో పట్టుకో.