జూలై ఒకటి

పుట్టిన సంవత్సరం ఆధార్‌లో 1957. పెన్షన్ పుస్తకంలో 1954. ఏది నిజమో బడి రిజిస్టర్ నకలు తెచ్చి రుజువు చేయమన్నారు పెన్షన్ ఆఫీసువాళ్లు. ఆ పెన్షన్ పుస్తకం ఇచ్చింది వాళ్లే, అయినా సరే!

విశాఖలో బస్సెక్కిన టీచరమ్మ భీమిలి దాటాక తన ఊళ్లో దిగింది. చదివిందీ ఆ బడిలోనే, చివరికి చదువు చెప్పిందీ అక్కడే. ఇప్పటి హెడ్మాస్టరు ఆమె దగ్గర ఎక్కాలు నేర్చినవాడు. బీరువాలోంచి 1959 నాటి రిజిస్టర్ తీశాడు. 2014లో హుద్‌హుద్ వానకు తడిసి అట్ట ఉబ్బిపోయింది. నీలిసిరా కారి పేర్లన్నీ మరకలయ్యాయి.

"మీ పేరు కనబడటం లేదమ్మా."

"పుట్టుమచ్చల గడి చూడు నాయనా."

'ఎడమ మోచేతి కింద నల్లమచ్చ' అని లీలగా ఉంది. ఆమె చెయ్యి చాపింది. అతను సరిగా చూడకుండానే తలూపాడు.

కాగితాన్ని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకున్నారు. సిరా పోయినా పాళీ నొక్కిన గీత మిగిలింది: 1-7-1954.

పైవరుసా అదే తేదీ, కిందివరుసా అదే. ఆమెకు నవ్వొచ్చింది. బడిలో చేరిన పిల్లల ఎత్తూ పాలపళ్లూ చూసి తనూ ఎందరికో జూలై ఒకటే వేసింది.

"నీకూ నేనే రాశాను."

"తెలుసమ్మా. నేను సంక్రాంతికి పుట్టానంటుంది మా అమ్మ."

"నేను దీపావళికట."

'పై తేదీ సరియైనదని ధ్రువీకరించడమైనది' అని రాసి, అతను రబ్బరు ముద్ర వేశాడు. తడి ఆరేదాకా టీచరమ్మ కాగితాన్ని విసురుతూ కూర్చుంది.