ముందుగా చెల్లించే ఖాతాదారులకు 2 శాతం తగ్గింపు

రాయగడ,
12 జనవరి 2026

పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు, గుణుపురం, మునిగుడ, బరంపురం ఊళ్లలో మా దగ్గర అరువు ఖాతా ఉన్న దుకాణదారులందరికీ,

నమస్కారం.

ఫిబ్రవరి 1 నుంచి జూన్ 30 వరకు వేసే బిల్లులకు ఒక కొత్త వెసులుబాటు ఇస్తున్నాం. సరుకు మీ దుకాణంలో దిగిన 7 రోజుల్లోగా డబ్బు పంపిస్తే బిల్లులో 2 శాతం తగ్గిస్తాం. 8వ రోజు నుంచి 15వ రోజు లోపల పంపిస్తే 1 శాతం తగ్గిస్తాం. ఆ తర్వాత చెల్లించేవారికి ఇప్పటిలాగే 45 రోజుల గడువు, పూర్తి ధర. గడువులో ఒక్క రోజు కూడా తగ్గించడం లేదు. ముందుగా కట్టలేనివారి మీద ఒత్తిడీ ఉండదు, వారికి పంపే సరుకులో తేడా కూడా ఉండదు.

ఇది ఎందుకు చేస్తున్నామో దాపరికం లేకుండా చెప్తాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు చింతపండు కాలం. కొండల మీది నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని సంతకు దిగివచ్చే ఆడమనిషికి అరువు చెప్పడం కుదరదు, చెప్పకూడదు కూడా. కాటా దిగగానే రొక్కం చేతిలో పెట్టాలి. ఆ డబ్బుతోనే ఆమె ఉప్పు, నూనె, ఎండుచేపలు కొనుక్కుని చీకటి పడకముందే ఊరు చేరాలి. అలా కొన్న పండును ఎండబెట్టి, పిక్క తీయించి, దిమ్మలు కట్టించి మీకు పంపిస్తాం. మీ డబ్బు మాకు నెలన్నర తర్వాత వస్తుంది. ఈలోగా మరిన్ని సంతలు గడిచిపోతాయి. రొక్కం లేని వారంలో మంచి పండు మా కళ్ల ముందే వేరొకరి బస్తాల్లోకి వెళ్తుంది, లేదా మేము వడ్డీకి తెచ్చి కొనాలి. ఆ వడ్డీ చివరికి మీకు వేసే ధరలోనే కలుస్తుంది. దాన్ని బయటివారికి కట్టే బదులు మీకే ఇవ్వడం న్యాయమని మా అభిప్రాయం. పండు నల్లబడకముందే కొని, వానలు పడేలోపు శీతల గిడ్డంగికి చేర్చగలిగితే దసరాకు మీకు ఎర్రని పండే అందుతుంది.

ఈ తగ్గింపు ఇవ్వడానికి ధర పెంచడం లేదు. ఏ వారం ధర ఆ వారం అందరికీ ఒకటే. 7 రోజుల్లో కట్టేవారికి, 45 రోజుల్లో కట్టేవారికి ఒకే ధరతో బిల్లు వేస్తాం.

లెక్క ఇలా ఉంటుంది. మీరు 500 కిలోల పిక్క తీసిన చింతపండు కిలో రూ.120 చొప్పున తీసుకున్నారనుకుందాం. బిల్లు రూ.60,000. 7 రోజుల్లో కడితే రూ.1,200 తగ్గుతుంది, మీరు పంపవలసింది రూ.58,800. ఎండు చింతపండుపై 2019 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ లేదు కాబట్టి ఇక్కడ పన్ను గొడవే లేదు. పసుపుపొడికి మాత్రం 5 శాతం పన్ను ఉంది. అదే బండిలో రూ.20,000 పసుపుపొడి కూడా వచ్చిందనుకుంటే, పన్ను రూ.1,000 కలిపి ఆ బిల్లు రూ.21,000. తగ్గింపు పన్నుకు ముందున్న రూ.20,000 మీదే లెక్కిస్తాం. అంటే రూ.400 పోను రూ.20,600 కట్టాలి. పన్ను రూ.1,000 యథాతథంగా ఉంటుంది. రెండూ కలిపి రూ.79,400 పంపితే ఆ బండి లెక్క తీరిపోయినట్టే.

తగ్గింపును మీరే మినహాయించుకుని మిగతా డబ్బు పంపండి, మా అనుమతి కోసం ఆగనక్కరలేదు. మీ ఖాతా సరిపోవడానికి నెలాఖరులో క్రెడిట్ నోట్ పంపిస్తాం. అందులో పన్ను సర్దుబాటు ఉండదు, కాబట్టి పసుపుపొడి మీద మీరు తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వవలసిన పని లేదు. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2025 సెప్టెంబరులో ఇచ్చిన సర్క్యులర్‌లో ఈ సంగతి స్పష్టంగా ఉంది, మీ ఆడిటర్‌కు చూపించండి. ఆంధ్ర వైపు దుకాణాలకు ఐజీఎస్టీతో, ఒడిశా వైపు వారికి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీలతో బిల్లు వస్తుంది. తగ్గింపు మాత్రం రెండు వైపులా ఒకటే.

ముందుగా కట్టడం మీకు లాభమేనా? చేతిలో డబ్బు ఉంటే తప్పకుండా లాభమే. 38 రోజుల ముందు కట్టినందుకు 2 శాతం అంటే ఏడాదికి దాదాపు 19 శాతం పైన పడుతుంది. బ్యాంకులో 12 శాతం వడ్డీకి ఓవర్‌డ్రాఫ్ట్ ఉన్నవారు దాన్ని వాడి కట్టినా, పై చింతపండు బిల్లు మీద సుమారు రూ.735 వడ్డీ పోను రూ.465 మిగులుతుంది. కానీ బయట నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మాకు కట్టవద్దు. అప్పుడు వడ్డీయే రూ.1,490 దాకా అవుతుంది, మీరు నష్టపోతారు. మీకు దొరికే వడ్డీ రూపాయిన్నర దాటితే 45 రోజుల గడువే వాడుకోండి. మీరు అప్పు చేసి మా అవసరం తీర్చాలని మేము కోరుకోవడం లేదు.

రోజుల లెక్క బిల్లు తేదీ నుంచి కాదు, బండి రసీదు మీద మీరు సంతకం చేసిన మర్నాటి నుంచి మొదలవుతుంది. దారిలో బండి ఆలస్యమైతే ఆ భారం మీ మీద పడకూడదు. డబ్బు మా ఖాతాలో పడిన రోజును చెల్లించిన రోజుగా తీసుకుంటాం. నెఫ్ట్ ఆదివారాలు, సెలవు రోజుల్లో కూడా పనిచేస్తుంది కాబట్టి ఏడో రోజు సెలవైనా ఇబ్బంది లేదు. చెక్కు ఇస్తే మా గుమస్తా చేతికి ఇచ్చిన తేదీయే లెక్క, అయితే అది చెల్లాలి. నగదు వద్దని మనవి. ఒకే రోజు ఒకరికి పదివేలకు మించి నగదు చెల్లిస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చును ఒప్పుకోరు, దానివల్ల ఇబ్బంది మీకే.

బిల్లులో సగమే ముందు కట్టగలిగితే ఆ సగానికే తగ్గింపు ఇస్తాం. 45 రోజులు దాటిన పాత బాకీ ఉంటే వచ్చిన డబ్బు ముందు దానికి జమ అవుతుంది, పాత బిల్లులకు ఈ తగ్గింపు వర్తించదు. పాత బాకీ ఒక్కసారిగా తీర్చడం కష్టమైతే గుమస్తాకు చెప్పండి, వాయిదాలు కట్టుకుందాం. ఆ వాయిదాలు సరిగ్గా నడుస్తున్నంత కాలం కొత్త బిల్లులకు తగ్గింపు ఆగదు.

పండు చెమ్మగా ఉన్నా, తూకం తగ్గినా రెండు రోజుల్లోగా ఫోనులో ఫొటో పంపండి. తకరారు ఉన్న బస్తాలను పక్కన పెట్టి మిగిలిన వాటికి గడువులోగా కట్టండి. పక్కన పెట్టిన బస్తాల రోజుల లెక్క, తకరారు తేలిన మర్నాటి నుంచి మళ్లీ మొదలవుతుంది.

ఈ ఏర్పాటు ప్రస్తుతానికి జూన్ 30 వరకే. కొనసాగించేదీ లేనిదీ జూన్ 15లోగా ఇలాగే రాతపూర్వకంగా తెలియజేస్తాం. మధ్యలో మార్చం.

మీరు సంతకం చేసి పంపవలసిన కాగితమేమీ లేదు. ఫిబ్రవరిలో వచ్చే మొదటి బిల్లు నుంచి మూడు మొత్తాలూ బిల్లు అడుగున అచ్చు వేసి ఉంటాయి: 7 రోజుల్లో అయితే ఎంత, 15 రోజుల్లో అయితే ఎంత, ఆ తర్వాత ఎంత. ఫిబ్రవరి నెలలో ఏ వారం ఎంత సరుకు కావాలో జనవరి 25లోగా గుమస్తాకు చెప్పగలిగితే, సంతల్లో కొనుగోలుకు ఆ మేరకు సిద్ధమవుతాం.

ఇట్లు,
మీ విశ్వసనీయుడు,
చింతపండు, పసుపు టోకు వ్యాపారి,
రాయగడ