వరదలో తడిసిన లాకరు: ఫిర్యాదుకు సవరించిన జవాబు

బ్రాంచి మేనేజరు గారికి,

ఆమోదానికి మీరు పంపిన జవాబు ఇది:

“వరదను ఆపడం బ్యాంకు పని కాదు. ఒప్పందం చదవకుండా సంతకం పెట్టడం మీ తప్పు. లాకరులో ఏం దాచారో మాకు తెలియదు, మీ జాబితాను నమ్మలేము. ఇక ఈ విషయమై ఉత్తరాలు రాయవద్దు.”

మీరు చెప్పిన నియమం సరైనదే, నిర్ణయాన్ని నేను మార్చలేదు. కానీ ఫిర్యాదు చేసినావిడ తన తల్లి ఇచ్చిన పట్టుచీరను బురద నీళ్లలోంచి తీసుకున్న మనిషి. ఆఖరి వాక్యం రాసే అధికారం మనకు లేదు, తీసేశాను. ఆవిడకు ఫోను చేయడంలో జరిగిన ఆలస్యం సంగతి మీ రిజిస్టరులో చూసి నేనే చేర్చాను. సవరించిన జవాబు కింద ఉంది, దీన్ని ఈ రోజే పంపండి.

విషయం: 2024 సెప్టెంబరు వరదల్లో లాకరులోని వస్తువులకు నష్టం

అమ్మా, నమస్కారం.

సెప్టెంబరు 19న మీరు రాసిన ఉత్తరం అందింది. బుడమేరు వరద నీరు మా శాఖలోకి చేరి మీ పట్టుచీర, ఇంటి దస్తావేజు పాడైనందుకు చాలా విచారిస్తున్నాము. శాఖ తిరిగి తెరిచాక మీకు ఫోను చేయడంలో నాలుగు రోజులు ఆలస్యం జరిగింది. అది మా లోపమే, క్షమించమని కోరుతున్నాము.

సంవత్సర అద్దె 3,000 రూపాయలకు 100 రెట్లు, అంటే 3 లక్షల రూపాయలు పరిహారంగా కోరారు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 18న ఇచ్చిన ఆదేశాల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, సిబ్బంది మోసం వంటి సందర్భాలలో ఆ లెక్క వర్తిస్తుంది. వరద, భూకంపం, పిడుగు వంటి ప్రకృతి వైపరీత్యాల నష్టానికి బ్యాంకు బాధ్యత ఉండదని అవే ఆదేశాలు చెబుతున్నాయి. మన ఒప్పందంలోనూ ఈ నిబంధన ఉంది. అందువల్ల పరిహారం చెల్లించడం సాధ్యం కాదు.

అయినా లాకర్లను కాపాడేందుకు తగిన జాగ్రత్త తీసుకోవడం మా విధి. ఆగస్టు 31 సాయంత్రం శాఖ మూసే ముందు లాకరు గది గుమ్మానికి ఇసుక బస్తాలు వేయించాము. మరునాడు నీరు వాటిని దాటి వచ్చింది. ఆ రోజు నమోదులను మీరు శాఖలో చూడవచ్చు.

లాకరులో ఎవరు ఏమి ఉంచారో బ్యాంకు నమోదు చేయదు. కాబట్టి మీ జాబితాను ధ్రువీకరించలేము. మీ మాటను శంకించడం మాత్రం లేదు.

దస్తావేజుకు సర్టిఫైడ్ నకలు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో లభిస్తుంది. లాకరు గదిలోకి నీరు చేరిందని తెలిపే ధ్రువపత్రాన్ని ఈ ఉత్తరానికి జతచేశాము. తడిసిన పత్రాలను ఎండలో పెట్టకుండా, విడదీయకుండా నీడలో ఆరబెట్టండి.

ఈ జవాబు మీకు తృప్తినివ్వకపోతే, ఏడాదిలోగా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in ద్వారా రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు.

భవదీయుడు,
శాఖా మేనేజరు