శైలూకి, ఆలస్యంగా

శైలూ,

నీ మెసేజ్‌లకు ఇన్ని వారాలు జవాబివ్వలేదు. సారీ. అన్నీ వచ్చినప్పుడే చదివాను, నీలం టిక్కులు నీకూ కనపడే ఉంటాయి. పని ఉన్నమాట నిజమే గానీ, నీకు రెండు ముక్కలు రాయడానికి తీరనంత పని కాదు. తీరిగ్గా, పెద్దగా రాద్దామని వాయిదా వేశాను. ఆలస్యమయ్యేకొద్దీ రాయడానికి మొహం చెల్లలేదు. జరిగింది అంతే.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఆంటీ కంటి ఆపరేషన్ ముందు రోజు రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్. "భయంగా ఉందే, మేలుకునే ఉన్నావా?" అని అడిగావు. మేలుకునే ఉన్నాను. పొద్దున్నే ఫోన్ చేద్దాంలే అనుకుని పడుకున్నాను, పొద్దున చేయలేదు. మిగతా వాటికి ఇప్పుడైనా జవాబు చెప్పొచ్చు. దానికి ఆ రాత్రే చెప్పాల్సింది. నిన్ను ఒంటరిగా వదిలేశాను.

ఆంటీకి ఇప్పుడెలా ఉంది? చూపు బాగా ఆనుతోందా? చుక్కల మందు టైముకి వేయడం మొత్తం నీ మీదే పడిందా, తమ్ముడేమైనా సాయం చేస్తున్నాడా? (చేయడని తెలుసు, అయినా అడుగుతున్నాను.)

కొత్త ఉద్యోగం తీసుకోవాలా వద్దా అని అడిగావు. ఈపాటికి ఏదో ఒకటి తేల్చేసే ఉంటావు, ఇప్పుడు నేను సలహాలు చెప్తే నవ్వొస్తుంది. ఏం తేల్చావో చెప్పు చాలు. ఒకవేళ ఇంకా ఊగిసలాటలోనే ఉంటే మాత్రం నా మాట ఒకటే: నైట్ షిఫ్ట్ ఉంటే వద్దు. పోయినసారి నైట్ షిఫ్టులు చేసినప్పుడు నీ ఆరోగ్యం ఎంత పాడైందో నేను చూశాను.

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. పై ఇంటావిడ మీద నువ్వు చేసిన మిమిక్రీ మళ్లీ పెట్టుకుని మరీ విన్నాను. అల్మారాకి వేసిన పచ్చరంగు బాగుంది, పాతదానికంటే వంద రెట్లు నయం. నువ్వు గుర్తు చేసిన నీ పుస్తకం ప్యాక్ చేసి పెట్టాను, రేపు కొరియర్ చేస్తాను. అడ్రస్ పాతదేగా?

దీనికి వెంటనే జవాబివ్వక్కర్లేదు. "పర్లేదులే" అని రాయాల్సిన పని అసలే లేదు, కోపం ఉంటే తిట్టు. ఇకపై రోజూ మాట్లాడతానని గొప్పలు చెప్పను. పెద్దగా రాయడం కుదరనప్పుడు "చూశాను, రాత్రికి రాస్తా" అని ఒక్క ముక్కైనా పెడతాను.

ఆదివారం పొద్దున పదింటికి ఫోన్ చేస్తాను. ఎత్తాలనిపించకపోతే ఎత్తకు, నేనేం అనుకోను. ఎత్తితే ఒకసారి ఆంటీకి కూడా ఇవ్వు, ఆవిడకీ నేను చెప్పుకోవాల్సింది ఉంది.

నీ
మాధవి