ఆక్సిజన్ పరికరాలు: ఫ్లిప్డ్ క్లాస్ సెషన్ ప్లాన్

బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం, అడల్ట్ హెల్త్ నర్సింగ్. స్కిల్స్ ల్యాబ్, హన్మకొండ. మొత్తం 60 మంది, 30 చొప్పున రెండు బ్యాచ్‌లు. బుధవారం ఉదయం 9:30 నుంచి 11:45 వరకు ఒక బ్యాచ్, మధ్యాహ్నం 1:30 నుంచి 3:45 వరకు రెండోది. స్టేషన్లు చూసే ట్యూటర్లు, క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్లు సోమవారంలోగా ఒకసారి చదవండి.

పోయినేడు ఈ పాఠం పీపీటీతో చెప్పాను. పరీక్షలో పట్టిక దాదాపు అందరూ రాశారు. నెల తిరక్కముందే వార్డులో మన స్టూడెంట్ ఒకరు నాన్ రీబ్రీతర్ మాస్క్ పెట్టి పక్కన నిలబడింది. సంచి చప్పగా అతుక్కుపోయి ఉంది. ఎన్ని లీటర్లు పెట్టాలమ్మా అంటే "10 నుంచి 15 మేడం" అని టక్కున చెప్పింది. ఫ్లో మీటర్ మాత్రం 4 దగ్గరే ఉంది. అందుకే ఈసారి చెప్పేదంతా వీడియోలకు పంపేసి, క్లాసు మొత్తం చేతులకు వదిలేస్తున్నాం.

ముందు చూడాల్సిన వీడియోలు

నాలుగు, కలిపి 26 నిమిషాలు. మన ల్యాబ్‌లోనే ఫోన్‌తో తీసినవి, మాట తెలుగులో. శనివారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పెడతాం. ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలకు నెట్‌వర్క్ సరిగ్గా ఉండదు కాబట్టి సైజు తగ్గించి పంపాలి.

మొదటిది (6 నిమిషాలు) సిలిండర్, రెగ్యులేటర్, ఫ్లో మీటర్. గోళీని దాని మధ్య గీత దగ్గర చదవాలన్నది దగ్గరగా చూపించాం. రెండోది (7 నిమిషాలు) నేసల్ ప్రాంగ్స్, మామూలు ఫేస్ మాస్క్, నాన్ రీబ్రీతర్. మూడోది (8 నిమిషాలు) వెంచురీ ఒక్కటే. పిల్లలు తడబడేది ఇక్కడే. నాలుగోది (5 నిమిషాలు) పల్స్ ఆక్సిమీటర్: చల్లటి వేళ్లు, నెయిల్ పాలిష్, కదిలే చెయ్యి అంకెను ఎలా తప్పుదోవ పట్టిస్తాయో.

వీడియోల తర్వాత గూగుల్ ఫారంలో ఆరు ప్రశ్నలు, గడువు మంగళవారం రాత్రి 9. అన్నిటికంటే నాకు ముఖ్యమైనది ఆఖరిది: "మీకు అర్థం కానిది ఒక్కటి రాయండి." బుధవారం మొదటి పావుగంట ఆ జవాబుల మీదే.

వీడియో చూడకుండా వచ్చినవాళ్ల కోసం పాఠం మళ్లీ చెప్పొద్దు. ఒక్కసారి చెప్పామా, వచ్చేసారి ఎవరూ చూడరు. ఫోన్, ఇయర్‌ఫోన్ ఇచ్చి వరండాలో కూర్చోబెట్టండి. చూశాక రెండో స్టేషన్ నుంచి కలుస్తారు. పోయిన స్టేషన్ భోజనం బ్రేక్‌లో లేదా సాయంత్రం చేస్తారు. తిట్లు అక్కర్లేదు.

స్టేషన్లు

ఐదు స్టేషన్లు, ఒక్కోదానికి ఆరుగురు, ఇద్దరిద్దరి జంటలు. 14 నిమిషాల పని, మారడానికి 2 నిమిషాలు. గంట కొట్టగానే కదలాలి.

*ఒకటి, సిలిండర్.* వాల్వ్ కొద్దిగా తెరిచి దుమ్ము పోనిచ్చి మూసి, రెగ్యులేటర్ బిగించి, మెల్లగా తెరవాలి. నూనె, వ్యాజలీన్ చేతులతో ముట్టుకోకూడదు. తర్వాత లెక్క: ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు రిఫరల్, నిమిషానికి 8 లీటర్లు, 10 లీటర్ల నీటి కొలత ఉన్న బి టైప్ సిలిండర్, గేజ్ 100 బార్ దగ్గర ఉంది. 10ని 100తో గుణిస్తే సుమారు 1000 లీటర్లు. 200 చేతిలో ఉంచుకుంటే 800, అంటే 100 నిమిషాలు. ప్రయాణం రెండున్నర గంటలు అనుకుంటే ఏం చేస్తారు? రెండో సిలిండర్ అడగాలని వాళ్ల నోటితోనే రావాలి.

*రెండు, ప్రాంగ్స్, మామూలు మాస్క్.* ప్రాంగ్స్ వంపు కిందికి ఉండేలా ఒకరికొకరు పెట్టుకోవాలి. 1 నుంచి 6 లీటర్లు, సుమారు 24 నుంచి 44 శాతం. చెవి వెనక ఒరుసుకునే చోటు వేలితో తడిమి చూడాలి. ఆ తర్వాత, ట్యూబ్ తగిలించకుండా మామూలు మాస్క్ అరనిమిషం పెట్టుకోమనండి. తమ ఊపిరి తమకే వెచ్చగా తిరిగి కొడుతుంది. 5 లీటర్ల కంటే తగ్గించొద్దని ఎందుకంటామో దీంతో తెలిసినట్టు ఏ స్లైడుతోనూ తెలియదు. ఆస్తమా ఉన్న పిల్లలను దీనికి పిలవొద్దు.

*మూడు, నాన్ రీబ్రీతర్.* ముందు ఫ్లో 15, లోపలి వాల్వ్‌ను వేలితో నొక్కి సంచి నింపడం, ఆ తర్వాతే ముఖానికి. ఊపిరి పీల్చినప్పుడు సంచి కొంచెం తగ్గొచ్చు, పూర్తిగా అణగకూడదు. "సంచి చూశారా?" అని జంటలో రెండోవాళ్లు అడగాలి. ప్రతిసారీ.

*నాలుగు, వెంచురీ.* రంగులు కంఠస్థం చేయించొద్దు, కంపెనీని బట్టి మారొచ్చు. వాల్వ్ మీద అచ్చయిన శాతం, లీటర్లు పైకి చదివించండి. ఫ్లో పెంచితే శాతం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. వాల్వ్ మార్చాలి. దుప్పటి కొసతో గాలి రంధ్రాలు మూసి, ఇప్పుడు ఏం మారిందో అడగండి: బయటి గాలి కలవదు, శాతం మన చేతిలో ఉండదు.

*ఐదు, తప్పుల బెడ్.* ఇది నాకు ఇష్టమైన స్టేషన్. మానికిన్ మీద ఐదు తప్పులు పెట్టి ఉంచుతాం: ప్రాంగ్స్ వంపు పైకి తిరిగి ఉంటుంది, హ్యుమిడిఫయర్ మూత వంకరగా బిగించి గాలి పోతుంటుంది, ట్యూబ్ మంచం కింద మడత పడి ఉంటుంది, ఆక్సిమీటర్ ప్రోబ్ బీపీ కఫ్ ఉన్న చేతికే ఉంటుంది, సిలిండర్ పక్కన అగ్గిపెట్టె. మొదటి ఐదు నిమిషాలు నోరు మెదపొద్దు. వెతకనివ్వండి. ఒక బ్యాచ్‌వి ఇంకో బ్యాచ్‌కు చేరిపోతాయి కాబట్టి మధ్యాహ్నం రెండు తప్పులు మార్చండి.

కేసు (25 నిమిషాలు)

అందరూ కలిసి. ముసలమ్మగా ఒక ట్యూటర్ పడుకుంటారు. చీటీ ఇది:

"పరకాల దగ్గరి ఊరు, 66 ఏళ్లు, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి మీద వంట, సీఓపీడీ అని డాక్టర్ రాసిన పాత కాగితం ఉంది. రెండు రోజులుగా దమ్ము ఎక్కువైంది. గది గాలి మీద సాచురేషన్ 82. డ్యూటీ డాక్టర్ ఆర్డర్: వెంచురీ 28 శాతం, టార్గెట్ 88 నుంచి 92."

మాస్క్ పెట్టగానే ఆమె అంటుంది: "బిడ్డా, ఇది మూతికి పెడ్తే ఊపిరి ఆడ్తలేదు, తీసెయ్యి." స్టూడెంట్ ఏం చెప్పి ఒప్పిస్తుందో చూడాలి. కాసేపటికి కొడుకు వచ్చి గాబరాగా "90యే ఉంది కదా సిస్టర్, ఇంకా పెంచండి" అంటాడు. సీఓపీడీ వాళ్లలో కొందరికి ఆక్సిజన్ మరీ ఎక్కువైతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మత్తుగా అయిపోవచ్చు. ఆ మాట ఇంటి మనిషికి అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. మత్తుగా ఉంటే, సాచురేషన్ టార్గెట్‌కు రాకపోతే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. అంతేగానీ భయపడి ఆక్సిజన్ ఒక్కసారిగా తీసేయకూడదు.

చివరి పావుగంటలో ప్రతి ఒక్కరూ ఒక చీటీ తీసి, అందులోని పరికరం అడక్కుండా అమర్చి చూపాలి. ముగ్గురు ట్యూటర్లు ఒకేసారి చూస్తారు, మార్కులు లేవు, "వచ్చింది" లేదా "మళ్లీ రావాలి" అంతే. మళ్లీ రావాల్సినవాళ్లకు ల్యాబ్ శుక్రవారం 4 గంటలకు తెరిచి ఉంటుంది.

మాస్కులు ఒక్కొక్కరికీ విడివిడిగా ఇవ్వాలి, ఒకరివి ఇంకొకరు పెట్టుకోవద్దు. ఫ్లో మీటర్లలో రెండింటి గోళీ ఇరుక్కుంటోంది, మంగళవారం స్టోర్‌లో మార్పించండి. వెంచురీ సెట్లు మూడే ఉన్నాయి, నాలుగో స్టేషన్ దాటి పోనివ్వకండి.